తప్పు ఆప్షన్లకీ ఓ లెక్కుంది

ఇంజనీరింగ్ మూడో సంవత్సరానికి వచ్చేసరికి మన కాలేజీల్లో సీఆర్‌టీ క్లాసుల మాట మొదలవుతుంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు పెట్టే పరీక్షకు పిల్లల్ని సిద్ధం చేసే శిక్షణ అది. శాతాలు, రైళ్ల లెక్కలు, ఇంగ్లీషు, లాజిక్ పజిళ్లతో పాటు అందులో ఇంకో రకం ప్రశ్న ఉంటుంది. ప్రోగ్రామ్ రాయమని అడగరు. రాసిపెట్టిన ప్రోగ్రామే ఇస్తారు, మహా అయితే పది లైన్లు. దాన్ని నడిపితే తెరమీద ఏం పడుతుందో చెప్పమంటారు. కింద నాలుగు ఆప్షన్లు. ఎదురుగా కంప్యూటరే ఉన్నా ఆ ప్రోగ్రామ్‌ని అందులో నడిపి చూసే వీలుండదు. ఉన్నది పెన్నూ, రఫ్ పేపరూ, నిమిషమో నిమిషంన్నరో సమయం.

కోడింగ్ బాగా వచ్చిన పిల్లలు కూడా ఈ ప్రశ్నల్లో మార్కులు పోగొట్టుకుంటారు. ప్రోగ్రామ్ రాయగలిగినవాడు చదవలేకపోవడమేమిటని ఇంట్లోవాళ్లకి ఆశ్చర్యం. అయితే ఇక్కడ పరీక్షించేది తెలివిని కాదు, ఓపికని. ప్రశ్న తయారుచేసేవాడికి జవాబు ఒక్కటే తెలిస్తే చాలదు, నమ్మదగ్గ తప్పులు ఇంకో మూడు కావాలి. అవి గాల్లోంచి రావు. చదివేవాడు ఏ అడుగు దాటేస్తాడో ఊహించి, దాటేస్తే ఏ అంకె వస్తుందో లెక్కకట్టి, ఆ అంకెనే ఆప్షన్‌గా పెడతాడు. అందుకే తప్పు జవాబు వచ్చినవాడికి కూడా తన అంకె ఆప్షన్లలో కనిపిస్తుంది. కనిపించగానే ధైర్యం వస్తుంది, టిక్కు పడుతుంది.

ఓ ప్రశ్న తీసుకుని చూద్దాం. సి భాషలో ఉంది. ప్రోగ్రామింగ్ తెలియనివాళ్లు కూడా పట్టుకోగలిగినంత చిన్నది.

```c
int n = 4726, s = 0, k = 0;
while (n > 0) {
    int d = n % 10;
    if (d % 2 == 0)
        s = s + d;
    else
        s = s - k;
    k++;
    n = n / 10;
}
printf("%d %d", s, k);
```

ఆప్షన్లు ఇవి: `12 4`, `9 4`, `10 4`, `6 3`.

ముందు గుర్తుల సంగతి. `n`, `s`, `k`, `d` వేరియబుల్స్, అంటే పేరు రాసిపెట్టిన గడులు. ఒక్కో గడిలో ఒకసారికి ఒక్క విలువే ఉంటుంది. కొత్తది పెడితే పాతది పోతుంది. `=` గుర్తు సమానం అని చెప్పడానికి కాదు, కుడివైపు లెక్కకట్టి వచ్చిన విలువని ఎడమవైపు గడిలో పెట్టమనడానికి. సమానమా అని అడగాలంటే `==` రాయాలి. `%` అంటే భాగిస్తే మిగిలే శేషం. `/` అంటే భాగఫలం, అయితే రెండువైపులా పూర్ణాంకాలే ఉన్నప్పుడు దశాంశాన్ని కోసి పారేస్తుంది. కాబట్టి 4726ని 10తో భాగిస్తే 472, అంతే. `k++` అంటే `k`కి ఒకటి కలపమని. `while` అంటే బ్రాకెట్లో ఉన్నది నిజమైనంతసేపూ లోపలున్న పనిని మళ్లీమళ్లీ చేయమని.

కోడింగ్ అలవాటున్న కుర్రాడు దీన్ని చూడగానే ఏం చేస్తాడు? పదితో శేషం, పదితో భాగారం కనిపించాయి కాబట్టి సంఖ్యలోని అంకెల్ని వెనకనుంచి ఒక్కొక్కటే విడదీస్తున్నారని గ్రహిస్తాడు. అది నిజమే. రెండుతో శేషం సున్నా అంటే సరి అంకె. సరి అంకె అయితే `s`కి కలుపుతున్నారు. 'ఓహో, ఈవెన్ డిజిట్స్ సమ్' అనుకుంటాడు. అలాంటి ప్రోగ్రామ్ ల్యాబ్‌లో ఇదివరకే రాసి ఉంటాడు. 6, 2, 4 కలిపితే 12, అంకెలు నాలుగు. `12 4` అని మొదటి ఆప్షనే ఉంది. ఇరవై సెకన్లలో అయిపోయింది.

అతను ప్రోగ్రామ్‌ని చదవలేదు, గుర్తుపట్టాడంతే. రోజువారీ ఉద్యోగంలో ఆ గుర్తుపట్టే నేర్పే అన్నం పెడుతుంది. వేల లైన్ల కోడ్‌ని లైను లైనూ నడిపి చూసే తీరిక ఎవరికుంది? ఈ పరీక్ష ఆ నేర్పునే ఎరగా వాడుకుంటుంది. తెలిసిన ప్రోగ్రామ్ లాంటిదాన్నే ఇచ్చి, `else` కింద ఎవరూ ఊహించని పని ఒకటి దాచిపెడుతుంది. ఇక్కడ బేసి అంకె వస్తే `s`లోంచి `k`ని తీసేస్తున్నారు. ఎందుకు తీయాలి? ఏ కారణమూ లేదు. ప్రోగ్రామ్‌కి అర్థం ఉండాలన్న నియమం ఇక్కడ లేదు. అర్థం వెతికే అలవాటు ఉన్నవాడికి అర్థంలేని లైను కంటికి ఆనదు.

దీనికి విరుగుడు కాలేజీల్లో అందరికీ పేరు తెలిసినదే, డ్రై రన్. ప్రతి వేరియబుల్‌కీ కాగితం మీద ఓ నిలువు గీసుకుని, కంప్యూటర్ ఎలా నడుస్తుందో అలాగే ఒక్కో లైనూ నడుస్తూ విలువలు రాసుకుపోవడం. పేరు తెలిసినా చాలామంది దాన్ని సగమే చేస్తారు. మారిన విలువల్ని కొన్నిటిని రాస్తారు, కొన్నిటిని మనసులో ఉంచుకుంటారు. తప్పు జరిగేది ఎప్పుడూ మనసులో ఉంచుకున్న నిలువులోనే.

ఒక చిన్న ఏర్పాటు చాలా తప్పుల్ని ఆపుతుంది. నిలువుల్ని అక్షరక్రమంలోనో, ప్రోగ్రామ్ మొదటి లైన్లో ప్రకటించిన వరసలోనో కాకుండా, లూప్ లోపల ఏది ముందు మారుతుందో ఆ వరసలో పెట్టాలి. ఇక్కడ ముందు `d`, తర్వాత `s`, ఆ తర్వాత `k`, చివరికి `n`. అన్నిటికంటే ముందు షరతుకి ఓ నిలువు. నిజమైతే T, కాకపోతే F.

```
n>0   d    s    k    n
 -    -    0    0    4726
 T    6    6    1    472
 T    2    8    2    47
 T    7    6    3    4
 T    4    10   4    0
 F
```

మొదటి వరస మొదలుపెట్టిన విలువలు. తర్వాత ఒక్కో వరసా లూప్‌లో ఒక్కో చుట్టు. మొదటి చుట్టులో 4726 సున్నా కంటే పెద్దది కాబట్టి లోపలికి వెళ్తాం. శేషం 6, సరి అంకె, `s` 6 అయింది. `k` 1, `n` 472. రెండో చుట్టులో 2 వచ్చింది, `s` 8, `k` 2, `n` 47. మూడో చుట్టు దగ్గరే అసలు కథ. అంకె 7, బేసి. `s`లోంచి `k` తీయాలి. ఏ `k`? `k++` ఇంకా రాలేదు, అది కింద ఉంది. పట్టికలో చూస్తే ఈ వరసలో `k` గడి ఇంకా ఖాళీగానే ఉంది. కాబట్టి పై వరసలో ఉన్న 2నే తీసుకోవాలి. 8లోంచి 2 పోతే 6. నిలువుల్ని మారే వరసలో పెట్టడంలోని లాభం ఇదే. ఎడమనుంచి కుడికి నింపుకుపోతుంటే, ఈ చుట్టు విలువ వాడాలా, పాత చుట్టు విలువ వాడాలా అన్న సందేహానికి ఖాళీ గడే జవాబు చెబుతుంది. నాలుగో చుట్టులో 4 కలిసి `s` 10, `k` 4. 4ని 10తో భాగిస్తే 0. మళ్లీ షరతు దగ్గరకి వెళ్తే 0 అనేది 0 కంటే పెద్దది కాదు, F. బయటకి వచ్చేశాం. జవాబు `10 4`.

ఇప్పుడు మిగతా ఆప్షన్ల వైపు చూడండి. `12 4` ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టినవాడిది. `9 4` మూడో చుట్టులో `k`ని ముందే పెంచేసి, 8లోంచి 3 తీసినవాడిది. అతను `else` చూశాడు, వరసే తప్పాడు. `6 3` మూడు చుట్లకే ఆగిపోయినవాడిది. `n`లో ఒక్క అంకె మిగిలేసరికి పని అయిపోయిందనుకున్నాడు, షరతుని మళ్లీ అడగలేదు. మూడు తప్పులకీ మూడు చిరునామాలు ఉన్నాయి. ప్రాక్టీసు చేసేటప్పుడు జవాబు తప్పితే సరైన ఆప్షన్ చూసి పేజీ తిప్పేయడం దండగ అనడానికి కారణం ఇదే. తాను ఎంచుకున్న తప్పు ఆప్షన్ ఏ అడుగు దాటేస్తే వస్తుందో కనిపెడితే, పది ప్రశ్నల్లో తన బలహీనత ఏ లైన్ దగ్గరుందో తెలిసిపోతుంది. కొందరు ఎప్పుడూ చివరి చుట్టు దగ్గరే తప్పుతారు. కొందరికి చుట్ల లెక్క సరిగ్గానే ఉంటుంది, వరసే తారుమారవుతుంది.

ఈ కాగితం పద్ధతి మీద పరిశోధన కూడా జరిగింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ షీ, గ్రెగ్ నెల్సన్, ఏమీ కో 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్న 24 మంది విద్యార్థుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఐదు నుంచి పది నిమిషాలు మాత్రమే వెచ్చించి, లైను లైనూ నడుస్తూ మెమరీ పట్టికని కాగితం మీద మారుస్తూ పోవడం ఎలాగో చూపించారు. తర్వాత రెండు జట్లనీ చిన్న ప్రోగ్రాముల ఔట్‌పుట్ చెప్పమన్నారు. పద్ధతి చూసినవాళ్లకి సగటున 15 శాతం ఎక్కువ మార్కులు వచ్చాయి. 24 మందే కాబట్టి దాన్ని ఆఖరి తీర్పుగా తీసుకోనక్కర్లేదు. నాకు మాత్రం అందులో ఆ పది నిమిషాలే ముఖ్యంగా తోచాయి. ఆ పిల్లలకి అంతసేపట్లో ఎవరూ కొత్త భాష నేర్పలేదు. వాళ్లకి ఉన్న భాషే కాగితం మీదికి వచ్చింది.

లూప్ నాలుగు చుట్లు తిరిగితే సరే, నూరు చుట్లు తిరిగితే పట్టిక ఎక్కడ వేస్తామని అడగొచ్చు. అన్ని వరసలూ వేయనక్కర్లేదు. మొదటి రెండు మూడు వరసలు, చివరి రెండు వరసలు వేస్తే చాలు. మధ్యది లెక్క.

```c
int i, c = 0;
for (i = 1; i <= 100; i = i + 3)
    c = c + 1;
printf("%d %d", i, c);
```

`i` విలువలు 1, 4, 7 అని మూడేసి పెరుగుతూ పోతాయి. 100 వందలోపుదేనా? 1కి 33 సార్లు 3 కలిపితే సరిగ్గా 100 వస్తుంది. షరతులో `<=` ఉంది కాబట్టి 100కి కూడా లూప్ తిరుగుతుంది. అంటే 34 చుట్లు. ఇక్కడితో ఆగిపోయి `100 34` అని రాసేవాళ్లు ఎక్కువ. లూప్ ఆగాలంటే షరతు ఒక్కసారైనా అబద్ధం కావాలి. 100కి అది ఇంకా నిజమే. మూడు కలిశాక, 103 దగ్గర అబద్ధమైంది. బయటకి వచ్చేటప్పుడు `i`లో ఉన్నది 103. జవాబు `103 34`. పట్టికలో ఆఖర్న F వరస తప్పకుండా రాయాలనేది ఇందుకే. ఆ వరస రాస్తే 103 దానంతటదే కాగితం మీద పడుతుంది. ఇలాంటి ప్రశ్నలో `for` లైను చివర గుట్టుగా ఓ సెమికోలన్ పెట్టడం పాత ఎత్తుగడ. అప్పుడు లూప్ ఏ పనీ చేయకుండా ఖాళీగా తిరిగి, కింది లైను ఒక్కసారే నడుస్తుంది. `c` 1 దగ్గరే ఆగి, ఔట్‌పుట్ `103 1` అవుతుంది. లైను చివరిదాకా చూపు పోనివ్వడం కూడా డ్రై రన్‌లో భాగమే.

గడిలోని విలువ ఒకటి, ఆ లైను తేల్చిన విలువ ఇంకొకటి అయ్యే చోట్లు కూడా ఉన్నాయి. పట్టిక వేసినవాళ్లు కూడా ఎక్కువగా పడిపోయేది అక్కడే.

```c
int a = 0, b = 5;
if (a++ && b++)
    printf("X ");
printf("%d %d", a, b);
```

`a++` అన్నప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. లెక్కకి `a` పాత విలువనే అందిస్తుంది, గడిలో మాత్రం ఒకటి పెంచుతుంది. ఇక్కడ `if`కి అందింది 0. గడిలో చేరింది 1. సి భాషలో 0 అంటే అబద్ధం. `&&` అంటే రెండూ నిజమైతేనే నిజం. మొదటిదే అబద్ధమైనప్పుడు రెండోదాన్ని అడిగి లాభం లేదు కాబట్టి కంప్యూటర్ అసలు అడగదు. `b++` నడవనే నడవదు. కాబట్టి `X` రాదు, `b` 5గానే ఉంటుంది. ఔట్‌పుట్ `1 5`. `1 6` రాసినవాడు `++` కనిపించిన ప్రతిచోటా పెంచేశాడు. `0 5` రాసినవాడు అందించిన విలువనే గడిలో విలువ అనుకున్నాడు. ఇలాంటి లైను తగిలినప్పుడు పట్టికలో షరతు నిలువు కింద ఆ లైను ఏం అందించిందో కూడా రాసుకుంటే గందరగోళం పోతుంది. `&&` బదులు `||` ఉంటే కథ తిరగబడుతుంది. రెండిట్లో ఒకటి నిజమైనా చాలు కాబట్టి, మొదటిది 0 అయితే రెండోదాన్ని అడిగి తీరాలి. `b++` అందించిన 5 నిజం, `X` పడుతుంది, గడిలో 6 చేరుతుంది. అప్పుడు ఔట్‌పుట్ `X 1 6`.

సూడో కోడ్ పేరుతో వచ్చే ప్రశ్నల్లో `^` గుర్తు ఇంకో ఉచ్చు. లెక్కల పుస్తకం అలవాటుతో `2 ^ 3` అంటే ఎనిమిది అనేస్తారు. సి, జావా, పైథాన్ మూడింట్లోనూ అది ఘాతం కాదు, ఎక్స్‌ఆర్. రెండు సంఖ్యల్నీ బైనరీలో రాసి, అంకెలు వేరుగా ఉన్న చోట 1, ఒకటిగా ఉన్న చోట 0 పెట్టడం. 2 అంటే 10, 3 అంటే 11, కాబట్టి వచ్చేది 01. జవాబు 1.

ఫంక్షన్ తననే తాను పిలుచుకునే ప్రశ్నలకి, అంటే రికర్షన్‌కి, ఒక్క పట్టిక సరిపోదు. పిలుపు పిలుపుకీ వేరే `n` ఉంటుంది. అన్నిటినీ ఒకే నిలువులో రాస్తే ఏది ఎవరిదో తెలియదు.

```c
void f(int n) {
    if (n <= 0) return;
    f(n - 2);
    printf("%d ", n);
    f(n - 1);
}
```

`f(3)` అని పిలిస్తే ఏం పడుతుంది? ఒక్కో పిలుపుకి కాగితం మీద ఓ చిన్న పెట్టె గీయండి, అందులో ఆ పిలుపు తాలూకు `n` రాయండి. పక్కన మూడు లైన్లకి మూడు చుక్కలు పెట్టి, అయిన లైను చుక్కని కొట్టేస్తూ పొండి. 3 పెట్టె ముందు `f(1)`ని పిలిచింది. తన పని అక్కడ ఆపి, 1 పెట్టెలోకి దిగాలి. 1 పెట్టె `f(-1)`ని పిలిచింది, అది వెంటనే వెనక్కి వచ్చేసింది. తర్వాత 1 పడింది. ఆపైన `f(0)`, అదీ వెంటనే వచ్చేసింది. 1 పెట్టె పూర్తి. మళ్లీ 3 పెట్టెకి వస్తే మొదటి చుక్క కొట్టేసి ఉంది, రెండో లైను నడవాలి. 3 పడింది. ఇక `f(2)`. 2 పెట్టె ముందు `f(0)`ని పిలిచింది, ఏమీ పడలేదు. 2 పడింది. తర్వాత `f(1)`. ఇది ఇందాకటి 1 కాదు, కొత్త పెట్టె. అందులోంచి 1 పడింది. మొత్తం `1 3 2 1`.

ఆ చుక్కలు చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు. అయితే వెనక్కి వచ్చాక ఎక్కడ ఆగామో మర్చిపోయి, ఫంక్షన్‌ని మళ్లీ మొదటినుంచి నడిపేయడమే రికర్షన్ ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. కంప్యూటర్ కూడా పిలిచే ముందు తిరిగి ఏ చోటికి రావాలో రాసుకునే వెళ్తుంది.

ఈ మధ్య పరీక్షల్లో పైథాన్ ప్రశ్నలు కూడా వస్తున్నాయి. ఇన్నాళ్లూ మనం నమ్ముకున్న గడి అక్కడ సరిపోదు.

```python
a = [1, 2]
b = a
b.append(3)
a = a + [4]
print(a, b)
```

సి అలవాటు ఉన్నవాడు `b = a` చూసి, `a`లో ఉన్న జాబితాకి నకలు తీసి `b`లో పెట్టారనుకుంటాడు. అతని పట్టికలో `a` చివరికి `[1, 2, 4]`, `b` `[1, 2, 3]`. ఆ ఆప్షన్ ఉంటుంది కూడా. పైథాన్‌లో పేరు గడి కాదు, ఇంటికి తగిలించిన బోర్డు. `b = a` అన్నప్పుడు అదే ఇంటికి రెండో బోర్డు తగిలించారు, కొత్త ఇల్లు కట్టలేదు. కాబట్టి `b.append(3)` అన్నప్పుడు ఉన్న ఒక్క జాబితాలోనే 3 చేరింది, ఏ పేరుతో చూసినా అది `[1, 2, 3]`. నాలుగో లైన్లో `a + [4]` కొత్త జాబితాని తయారుచేస్తుంది. `a` పాత జాబితాని వదిలి కొత్తదాని దగ్గరకి వెళ్లింది, `b` పాతదాని దగ్గరే ఉండిపోయింది. ఔట్‌పుట్ `[1, 2, 3, 4] [1, 2, 3]`.

ఆ నాలుగో లైనునే `a += [4]` అని రాస్తే, జాబితాల విషయంలో, అది కొత్తది తయారుచేయదు, ఉన్నదాన్నే పొడిగిస్తుంది. అప్పుడు రెండు పేర్లూ `[1, 2, 3, 4]` చూపిస్తాయి. 'రెండూ ఒకటే కదా సార్' అని క్లాసులో అనేవాళ్లకి ఈ నాలుగు లైన్లు చూపిస్తే చాలు. పైథాన్‌కి పట్టిక వేసేటప్పుడు ఎడమవైపు పేర్లు, కుడివైపు జాబితాలు రాసి, మధ్యలో బాణాలు గీయాలి. `=` వచ్చినప్పుడు బాణం మారుతుంది, `append` వచ్చినప్పుడు బాణం కదలదు, జాబితా మారుతుంది.

ఇంట్లో సాధన చేసేవాళ్లకి ఇందులో మంచి తోడు పైథాన్ ట్యూటర్. ఫిలిప్ గువో రూపొందించిన ఈ ఉచిత పనిముట్టులో ప్రోగ్రామ్‌ని అతికిస్తే, ఒక్కో లైనూ నడిపిస్తూ విలువల్నీ బాణాల్నీ బొమ్మ గీసి చూపిస్తుంది. పేరు పైథాన్‌దే అయినా సి, జావా కూడా తీసుకుంటుంది. దాన్ని ముందే తెరిచి చూస్తే సినిమా చూసినట్టే, నేర్చుకునేది ఏమీ ఉండదు. ముందు కాగితం మీద పట్టిక పూర్తిచేసి, ఆ తర్వాత దాన్ని అడుగడుగూ నడిపి, తన వరసతో పోల్చి, మొదట తేడా వచ్చిన చోట ఆగాలి. ఆ తర్వాత వచ్చే తేడాలన్నీ దాని పిల్లలే.

ఎంత జాగ్రత్తగా పట్టిక వేసినా జవాబు తేలని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. తప్పు విద్యార్థిది కాదు, ప్రశ్నది.

```c
int i = 5;
printf("%d", i++ + ++i);
```

పాత ప్రశ్నల పుస్తకాల్లో ఇలాంటివి విరివిగా కనిపిస్తాయి, తరగతి గదుల్లో వీటిమీద గొడవలూ జరుగుతాయి. 'ఎడమనుంచి వెళ్తే ముందు 5 అందింది, గడి 6, తర్వాత పెంచి 7 అందింది, మొత్తం 12' అని ఒకరంటారు. సి ప్రమాణం ప్రకారం ఇది అసలు చెల్లదు. ఒకే లెక్కలో, మధ్యలో విరామమంటూ లేకుండా, ఒకే వేరియబుల్‌ని రెండుసార్లు మారిస్తే ఫలితం ఏమిటో భాష చెప్పదు. కంపైలర్ ఏం చేసినా తప్పనడానికి లేదు. ఒక కంపైలర్‌లో 12 వచ్చిందంటే ఆ కంపైలర్‌లో ఆ రోజు అలా వచ్చిందనే అర్థం. జీసీసీకి `-Wall` అని చేర్చి ఇస్తే, `i` మీద జరిపే ఈ పని అనిర్వచితం కావచ్చని అదే హెచ్చరిస్తుంది. చిత్రమేమిటంటే ఇదే లెక్క జావాలో రాస్తే కచ్చితంగా 12. ఎడమవైపుది ముందు లెక్కకట్టాలని జావా నియమంగా పెట్టుకుంది. కాబట్టి ప్రశ్న కింద ఏ భాష అని రాశారో ముందు చూడాలి.

ఇంటెల్ చిప్పుల మీద డాస్‌లో నడిచే టర్బో సి మన కాలేజీ ల్యాబుల్లో చాలాకాలం ఏలింది. అందులో `int` పరిమాణం 2 బైట్లు. నేడు మామూలుగా వాడే కంపైలర్లలో 4. అందువల్ల `sizeof(int)` ఎంత అని అడిగే పాత ప్రశ్నకి పుస్తకం వెనక 2 అని ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌లో 4 రావొచ్చు. రెండూ నిజమే, కంపైలర్లే వేరు. ప్రాక్టీసుకి తీసుకున్న పుస్తకం టర్బో సి కాలం నాటిదైతే ఇలాంటి జవాబుల్ని బట్టీపట్టకపోవడం మేలు.

పరీక్షలో `i++ + ++i` లాంటిది ఎదురైతే, ఆప్షన్లలో 'అన్‌డిఫైన్డ్ బిహేవియర్' అనో 'కంపైలర్‌ని బట్టి' అనో ఉంటే అదే పెట్టాలి. లేకపోతే ఎడమనుంచి కుడికి నడిపి వచ్చిన అంకె పెట్టి ముందుకి వెళ్లిపోవాలి, దానిమీద రెండో నిమిషం ఖర్చుపెట్టకూడదు. చెల్లే ప్రశ్నలోనే పట్టిక ఇచ్చిన అంకె ఏ ఆప్షన్‌లోనూ లేకపోతే మాత్రం మొత్తం మళ్లీ వేయక్కర్లేదు. ముందు F వరస చూడండి, తర్వాత `/` దశాంశాన్ని కోసేసిందా అని చూడండి, ఆపైన `++` గడిని మార్చిన చోటు, విలువ అందించిన చోటు వేరుగా రాశారా అని చూడండి. అప్పటికీ దొరక్కపోతే `printf` లైను మళ్లీ చదవండి. పట్టికంతా సరిగ్గా వేసి, `s` ముందా `k` ముందా చూసుకోకుండా `4 10` కోసం ఆప్షన్లు వెతికేవాళ్లూ ఉంటారు.